జానెడు నుంచి స్కేలు వరకు: పొడవు కొలవడం ఎలా నేర్పాలి?

మూడో తరగతి పిల్లవాడి ముందు ఒక స్కేలు పెట్టండి. దాని పక్కనే ఒక పెన్సిలును, వెనుక కొస 3 దగ్గర, మొన 9 దగ్గర ఉండేట్లు అమర్చండి. పెన్సిలు పొడవెంత అని అడగండి. మీకు సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. కొందరు 9 సెంటీమీటర్లు అంటారు. కొందరు 7 అంటారు. కొద్దిమంది మాత్రం 6 అంటారు.

తప్పు జవాబులు రెండూ ఒకే రకమైనవి కావు. 9 అన్న పిల్లవాడికీ, 7 అన్న పిల్లవాడికీ మనం చేయవలసిన సహాయం వేరు. ఈ పాఠంలో ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. అది స్కేలు చేతికిచ్చిన రోజున పుట్టినది కాదు. పిల్లలు జానలతో, అడుగులతో కొలిచిన రోజుల్లోనే దాని మూలం ఉంది. అందువల్ల మనం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

జానలతో బల్ల

భద్రాచలం నుంచి చర్ల వైపు వెళ్లే దారిలో, రోడ్డుకు కొంత లోపలగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో నేను చూసిన పాఠాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో కోయ మాట్లాడేవారు. ఉపాధ్యాయుడు ఖమ్మం వైపు మైదాన ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఆయన మొదటిరోజు స్కేలు తీయలేదు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చెయ్యి చాపి, "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగాడు. పిల్లలు చెప్పిన మాటను తెలుగు లిపిలో బోర్డు మీద రాసి, దాని పక్కన "జాన" అని రాశాడు. మూరకూ, బారకూ అలాగే చేశాడు. ఇది రెండు నిమిషాల పని. కానీ పిల్లవాడికి తెలిసిన కొలతకు పాఠంలో చోటు దొరికింది.

తరువాత అందరూ ఒకే బల్లను జానలతో కొలిచారు. ఒక అమ్మాయికి సరిగ్గా 8 జానలు వచ్చింది. మరొక పిల్లవాడికి 8 జానలూ ఇంకొంచెమూ వచ్చింది. ఒకరికి 7 వచ్చింది. ఉపాధ్యాయుడు కొలిస్తే 6 జానలే.

"నేను కొలిస్తే బల్ల చిన్నదైందా?" అని ఆయన అడిగాడు. "లేదు సారూ, మీ చెయ్యి పెద్దది గదా!" అన్నారు పిల్లలు. ఇంత సులభంగా జవాబు వచ్చిందని మీరు ఈ అంశాన్ని దాటిపోకండి. కొలమానం పెద్దదైతే వచ్చే సంఖ్య చిన్నదవుతుంది. పెద్ద సంఖ్య అంటే పెద్ద వస్తువు అని అప్పటిదాకా నేర్చుకున్న పిల్లవాడికి ఇది నిజంగా కొత్త విషయం. పక్క గదిలోని బల్ల 7 సారు జానలు, ఈ బల్ల 8 పిల్ల జానలు అని చెప్పి, ఏది పొడవు అని అడిగి చూడండి. ఇందాక చక్కగా జవాబు చెప్పినవాళ్లలోనే సగంమంది 8 పెద్దది కాబట్టి ఈ బల్లే పొడవు అంటారు.

7 వచ్చిన పిల్లవాడి సంగతి వేరు. అతని చెయ్యి పెద్దది కాదు. అతను ఒక జాన పెట్టి, చెయ్యి ఎత్తి, రెండో జానను కొంచెం ముందుకు జరిపి పెట్టాడు. మధ్యలో బల్ల కొంత కొలవకుండా మిగిలింది. దీనికి వ్యతిరేకంగా ఒక జాన మీద మరో జాన ఎక్కించి పెట్టే పిల్లలకు సంఖ్య పెరుగుతుంది. మీరు జవాబును మాత్రమే వింటే చెయ్యి పరిమాణం వల్ల వచ్చిన తేడా, ఖాళీ వదలడం వల్ల వచ్చిన తేడా ఒకే రకంగా కనిపిస్తాయి. కనిపెట్టే మార్గం ఒక్కటే: అదే పిల్లవాడి చేత అదే బల్లను రెండోసారి కొలిపించడం. చెయ్యి వల్ల వచ్చిన తేడా అయితే అతనికి మళ్లీ అదే సంఖ్య వస్తుంది. ఖాళీలు వదిలేవాడికి ఒకసారి 7, ఇంకోసారి 8 వస్తుంది. ప్రతి జాన కొసనా సుద్దముక్కతో గీత గీయిస్తే ఈ పొరపాటు చాలావరకు పోతుంది. ఆ గీతలు తరువాత మనకు మరో రకంగా పనికొస్తాయి.

అడుగులా, అంగలా?

వరండాను కొలిచేటప్పుడు అసలు చిక్కు బయటపడింది. తెలుగులో "అడుగులతో కొలవండి" అంటే రెండు అర్థాలున్నాయి. మడమను వేలి కొసకు ఆనించి పాదం తరువాత పాదం పెట్టుకుంటూ వెళ్లడం ఒకటి. మామూలుగా నడుస్తూ అంగలు లెక్కపెట్టడం రెండోది. పిల్లలు రెండూ చేశారు. అందువల్ల ఒకరికి 30 వస్తే మరొకరికి 12 వచ్చింది. ఇక్కడిదాకా పెద్ద సమస్య కాదు, ఏ పద్ధతిలో కొలిచారో చెబితే సరిపోతుంది.

కానీ అంగలతో నడిచినవాళ్లలో సమాన ఎత్తున్న ఇద్దరికి 12, 13 వచ్చాయి. ఉపాధ్యాయుడు వాళ్లను మళ్లీ నడిపించి చూశాడు. మొదటి పిల్లవాడు గోడకు మడమ ఆనించి నిలబడ్డాడు, తరువాతి కాలు ముందుకు వేసి "ఒకటి" అన్నాడు. రెండోవాడు గోడ దగ్గర నిలబడగానే "ఒకటి" అన్నాడు, కాలు ముందుకు వేసి "రెండు" అన్నాడు. అతను లెక్కపెట్టింది అంగలను కాదు, కాలు నేలను తాకిన చోట్లను. 13 చోట్ల మధ్య 12 అంగలే ఉంటాయి.

పాదం ఆనించి కొలిచేటప్పుడు మాత్రం పరిస్థితి తారుమారవుతుంది. గోడకు మడమ ఆనించి నిలబడగానే ఒక పాదం అంత నేల కొలత పూర్తయింది. అక్కడ "ఒకటి" అనడమే సరైనది. అలా అనకుండా రెండో పాదం దగ్గర "ఒకటి" అన్న అమ్మాయికి 30 బదులు 29 వచ్చింది. మీరే లేచి మీ గదిలో ఈ రెండు పద్ధతుల్లోనూ ఒకసారి నడిచి చూడండి. చదివితే తికమకగా ఉండే ఈ విషయం నడిస్తే వెంటనే తెలుస్తుంది. పాదం తానే కొలమానంగా నేల మీద పరుచుకుంటుంది. అంగ విషయంలో పాదం కేవలం గుర్తు, కొలమానం రెండు గుర్తుల మధ్య ఉన్న ఖాళీ.

స్కేలు ఈ రెండింటిలో దేనిలాంటిదో ఆలోచించండి. దాని మీద మనకు కనిపించేవి గీతలు. కొలిచేది గీతల మధ్య ఉన్న దూరం. అంటే స్కేలు అంగల లెక్కకు చెందినది. పెన్సిలు పొడవు 7 అన్న పిల్లవాడు 3, 4, 5, 6, 7, 8, 9 అనే ఏడు గీతలను లెక్కపెట్టాడు. అతను వరండాలో 13 చెప్పిన పిల్లవాడే. అప్పుడు సరిదిద్దకపోతే ఆ పొరపాటు అతనితోపాటే స్కేలు దాకా వస్తుంది.

ఒక చెయ్యి, ఒక బద్ద

రెండోరోజు ఉపాధ్యాయుడు తరగతిని రెండు జట్లు చేశాడు. ఒక జట్టు వరండాలో, ఒకటి చెట్టు కింద. వరండాలోని జట్టు కిటికీ వెడల్పును జానలతో కొలిచి, ఆ సంఖ్యను చీటీ మీద రాసి పంపాలి. చెట్టు కింద ఉన్నవాళ్లు అంత పొడవు వెదురు బద్దను కోసి తేవాలి. చీటీలో "5 జానలు" అని వెళ్లింది. వచ్చిన బద్ద కిటికీకి నాలుగు వేళ్లంత తక్కువైంది. ఎవరి లెక్కా తప్పు కాదు. కొలిచిన చెయ్యి వేరు, కోసిన చెయ్యి వేరు.

చేతి కొలత పనికిరానిదని మీరు అనుకోకూడదు. తన ఇంటి దడికి తానే బద్దలు కోసుకునే మనిషికి తన జాన ఎప్పుడూ మారదు, అది చాలు. పూలమ్మే ఆమె తన మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి మూర పూలు ఇస్తే, కొనేవాళ్లందరికీ అదే మూర దొరుకుతుంది. కొలిచేవాడూ వాడుకునేవాడూ వేరైనప్పుడు, కొలత ఒక చోటి నుంచి ఇంకో చోటికి మాటగానో, చీటీగానో ప్రయాణించవలసి వచ్చినప్పుడు మాత్రమే ఇబ్బంది. ఆ ఇబ్బందిని పిల్లలు ముందుగా అనుభవించకపోతే ప్రామాణిక కొలమానం వాళ్లకు అక్కరలేని నియమంగానే ఉంటుంది.

"ఇప్పుడేం చేద్దాం?" అని అడిగితే, అందరూ ఒకరి జాననే వాడదామన్నారు. బల్లకు సరిగ్గా 8 జానలు వచ్చిన అమ్మాయి చేతిని ఎంచుకున్నారు. ఆమె ప్రతిచోటికీ వెళ్లలేదు కాబట్టి ఆమె జాన పొడవున వెదురు బద్దలు కోశారు.

ఇదే ఆలోచన మన పాత గ్రంథాల్లోనూ ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం అంగుళాన్ని నిర్ణయిస్తూ ఎనిమిది యవగింజల మధ్యభాగాల వెడల్పు అని చెప్పి, మధ్యరకం మనిషి నడిమి వేలి మధ్యభాగపు వెడల్పు అని కూడా చెబుతుంది. ఎవరి వేలైనా కాదు, మధ్యరకం మనిషి వేలు. అక్కడ జాన 12 అంగుళాలు, మూర 24 అంగుళాలు. అయితే అదే గ్రంథంలో అడవి కలపను కొలిచే హస్తం 54 అంగుళాలు! ఒకే పేరు, పనిని బట్టి వేరు పొడవు. స్వతంత్ర భారతంలో 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టంతో మీటరు పద్ధతిని దేశమంతటికీ తెచ్చారు. అంతకుముందు ఊరూరా ఉన్న తేడాలు ఎలాంటివో ఈ 54 అంగుళాల హస్తం చూస్తే ఊహించవచ్చు.

బద్ద మీద అంకెలు ఎక్కడ రాయాలి?

నా దృష్టిలో మొత్తం పాఠంలో ఇది అన్నిటికంటే ముఖ్యమైన దశ. మన తరగతుల్లో ఎక్కువగా దాటవేసేదీ ఇదే.

ఎనిమిది జాన బద్దలను ఒక పొడవైన వెదురు బద్ద మీద, ఒకదాని కొసకు మరొకటి ఆనించి, దారంతో కట్టించారు. ప్రతిసారీ లెక్కపెట్టనక్కర లేకుండా అంకెలు రాయమన్నాడు ఉపాధ్యాయుడు. పిల్లలు ప్రతి బద్ద మధ్యలో 1, 2, 3 అని రాశారు. ఇది సహజం. వాళ్లకు అంకె అనేది ఆ ముక్క పేరు, మొదటి ముక్క, రెండో ముక్క.

ఆయన దాన్ని తప్పనలేదు. ఆ కొలబద్దతోనే తలుపు వెడల్పు కొలవమన్నాడు. తలుపు ఆరో ముక్క మధ్యలో ఆగింది. "ఎంత?" అంటే కొందరు ఆరు అన్నారు, కొందరు అయిదున్నర అన్నారు. ఆరో ముక్క మొదలైంది గానీ పూర్తికాలేదు. ఎన్ని ముక్కలు పూర్తయ్యాయో తెలియాలంటే అంకె ఎక్కడుండాలి? కొంత వాదన తరువాత ముక్క చివర ఉండాలని తేలింది. అప్పుడు అంకెలను చెరిపి ప్రతి ముక్క చివరి గీత దగ్గర రాశారు. 1 అనే అంకె ఇప్పుడు మొదటి ముక్క పేరు కాదు, "ఇక్కడికి ఒక జాన పూర్తయింది" అని చెప్పే గుర్తు.

అలా రాశాక మొదటి ముక్క మొదలయ్యే చోట గీత ఉంది గానీ అంకె లేదు. "ఇక్కడికి ఎన్ని జానలు పూర్తయ్యాయి?" అని అడిగాడు. "ఏమీ కాలేదు" అన్నారు. అక్కడ 0 రాయించాడు. సున్న అన్నిటికంటే చివర వచ్చిందని గమనించండి. తయారైన స్కేలులో అది అందరికంటే ముందు కనిపిస్తుంది, పిల్లలకు దాని అవసరం మాత్రం ఆఖరున అర్థమవుతుంది. స్కేలు అంటే కొసకు కొస ఆనించిన కొలమానాల వరుస, దాని మీద ముందే లెక్కపెట్టి ఉంచిన లెక్క అనే భావన ఇలా తమ చేతులతో చేసినవాళ్లకు నిలుస్తుంది.

జాన కంటే చిన్న మిగులు వచ్చినప్పుడు నాలుగు వేళ్ల బెత్తెను వాడవచ్చు. 12 అంగుళాల జానలో 4 అంగుళాల బెత్తెలు 3 పడతాయని లెక్క. పిల్లల చేతుల మీద ఇది సరిగ్గా కుదరదు. చిన్న కొలమానం పెద్దదానిలో మిగులు లేకుండా సరిపోవాలన్న అవసరాన్ని అక్కడే చూపించి, సెంటీమీటరులో 10 మిల్లీమీటర్లు ఎందుకు చక్కగా కుదురుతాయో చెప్పవచ్చు.

అంగడి స్కేలు, విరిగిన స్కేలు

మూడోరోజు అంగడిలో దొరికే 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేళ్లు పంచారు. వాటిలో చాలావాటికి అంచు ఒకచోట, 0 గీత దానికి కొంచెం లోపల ఉంటాయి. వెదురు కొలబద్దకు అంచే సున్న కాబట్టి పిల్లలు వీటినీ అంచు నుంచే కొలుస్తారు. జవాబు కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది. కొందరు 1 నుంచి మొదలుపెడతారు, లెక్క ఒకటితోనే మొదలవుతుంది గనుక. వాళ్ల జవాబు సరిగ్గా ఒక సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. మరో అంచున అంగుళాలున్న స్కేలైతే 6 సెంటీమీటర్ల వస్తువుకు "రెండుంబావు" అనే జవాబు కూడా వినవచ్చు. అది తప్పు కాదు, ఏ కొలమానమో చెప్పలేదు, అంతే.

ఇవన్నీ "సున్న దగ్గర పెట్టి కొలవండి" అనే ఒక్క నియమంతో పోతాయని చాలామంది ఉపాధ్యాయులు నమ్ముతారు. నియమం పాటించిన పిల్లవాడు సరైన జవాబే చెబుతాడు, నిజమే. కానీ అతను మొన దగ్గరున్న అంకెను చదువుతున్నాడా, పొడవును కొలుస్తున్నాడా అన్నది మనకు తెలియదు. మొదట్లో చెప్పిన పెన్సిలు పరీక్ష అందుకే. 9 చెప్పినవాడు చివరి అంకెను చదువుతున్నాడు, అతనికి సున్న ఎందుకుందో తెలియదు. అతన్ని వెదురు కొలబద్ద దగ్గరికి పంపి, మూడో జాన చివర నుంచి తొమ్మిదో జాన చివర దాకా ఎన్ని బద్దలున్నాయో తాకి లెక్కపెట్టమనాలి. అందుకు మరొక బద్దను కట్టించుకోవలసి వస్తుంది, కట్టించండి. 7 చెప్పినవాడు గీతలను లెక్కపెడుతున్నాడు. అతన్ని వరండాలో అంగలు వేయించాలి. ఇద్దరికీ ఒకే వివరణ ఇస్తే ఇద్దరిలో ఒకరికైనా అది అందదు.

సున్న ఉన్న కొస విరిగిపోయిన స్కేలును పారేయకండి. బోధనకు దానికంటే మంచి స్కేలు లేదు.

గోదావరి ఒడ్డున ఉన్న స్కేలు

ఈ ప్రాంతపు పిల్లలందరికీ తెలిసిన పెద్ద స్కేలు ఒకటుంది. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టాన్ని అడుగుల్లో చెబుతారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో వరద 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. ఇల్లు ఖాళీ చేయాలా, ఎప్పుడు చేయాలి అన్నది ఈ అంకెలు విని నిర్ణయించుకునే కుటుంబాల పిల్లలు మీ ముందు కూర్చుని ఉంటారు.

ఇక్కడి అడుగు ఎవరి పాదమూ కాదు. అది 30.48 సెంటీమీటర్లు. వరండా కొలిచిన పిల్లల పాదానికి ఒకటిన్నర రెట్లు. పాదం పేరు పెట్టుకున్న కొలమానం పాదాన్ని ఎప్పుడో వదిలేసింది.

ఇప్పుడు మీకు ఒక చిక్కు. 43 అడుగులను మీటర్లలోకి మారిస్తే 13.1 మీటర్లు. కానీ కేంద్ర జల సంఘం నివేదికల్లో భద్రాచలం హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు అని ఉంటుంది. ప్రమాద మట్టం 48.77 మీటర్లు. ఒకే నదికి, ఒకే ఒడ్డున ఇంత తేడా ఎందుకు?

రెండు స్కేళ్లకు సున్న వేర్వేరు చోట్ల ఉంది. మీటర్లలో చెప్పేది సముద్ర మట్టం నుంచి ఎత్తు. అడుగుల్లో చెప్పేది స్థానికంగా నిర్ణయించిన ఒక స్థానం నుంచి ఎత్తు. 45.72 నుంచి 13.11 తీసివేస్తే 32.61 మీటర్లు వస్తుంది. 53 అడుగులంటే 16.15 మీటర్లు. దాన్ని 48.77 నుంచి తీసివేస్తే 32.62. రెండుసార్లూ దాదాపు ఒకే సంఖ్య. అంటే అడుగుల స్కేలు సున్న సముద్ర మట్టానికి సుమారు 32.6 మీటర్ల ఎత్తున, దాదాపు 107 అడుగుల దగ్గర ఉంది. 43 అంటే 43 అడుగుల లోతు నీళ్లని కొందరు అనుకుంటారు. అది పెన్సిలు 9 సెంటీమీటర్లు అన్న జవాబు లాంటిదే.

తేడాలు మాత్రం రెండు స్కేళ్ల మీదా ఒకటే. మొదటి హెచ్చరిక నుంచి మూడో హెచ్చరికకు నీరు పెరిగింది 10 అడుగులు. 48.77 నుంచి 45.72 తీసివేస్తే 3.05 మీటర్లు, అదీ 10 అడుగులే. 3 నుంచి 9 దాకా ఉన్న పెన్సిలు పొడవు ఏ కొస నుంచి లెక్కపెట్టినా 6 అయినట్లే ఇదీ.

మీ అభ్యాసం కోసం

1. 2022 జులైలో వచ్చిన 71.3 అడుగుల నీటిమట్టం మూడో ప్రమాద హెచ్చరిక కంటే ఎన్ని అడుగులు ఎక్కువ? అది సముద్ర మట్టం నుంచి ఎన్ని మీటర్ల ఎత్తు అవుతుంది?

2. సముద్ర మట్టం నుంచి లెక్కవేస్తే 1986 వరద గరిష్ఠ మట్టం 55.66 మీటర్లు. పైన కనుక్కున్న 32.6 మీటర్ల సున్నకు, 75.6 అడుగులకు ఇది సరిపోతుందో లేదో సరిచూడండి.

3. మీ దగ్గర్లో ఉన్న దర్జీని, వడ్రంగిని కలిసి, కొస చిరిగిన లేదా అరిగిన టేపుతో వాళ్లు ఎలా కొలుస్తారో అడిగి రాయండి. చాలామంది 10 దగ్గర పట్టుకుని మొదలుపెడతారు. ఆ 10ని తీసివేయడం ఎప్పుడైనా మరిచిపోయారా, అప్పుడు ఏమైందో కూడా అడగండి.